గంటను ఎక్కడ నిలబెట్టాలి?

"మాస్టారూ, నేను ఎం.ఏ. ఎకనామిక్స్ మొదటి సంవత్సరం. డిగ్రీ తెలుగు మీడియంలో చదివాను. ఈ లెక్క దగ్గర ఆగిపోయాను: 'నగరంలో ఆటో డ్రైవర్ల రోజువారీ నికర ఆదాయం సగటున 800 రూపాయలని ఒక ప్రకటన. 36 మందిని అడిగితే సగటు 765 వచ్చింది. సిగ్మా 120. 5 శాతం స్థాయిలో ప్రకటనను పరీక్షించండి. నిజమైన సగటు 750 అయితే టైప్ టూ ఎర్రర్ సంభావ్యత ఎంత?' టూ టెయిల్ చేస్తే నల్ హైపోథెసిస్ నిలబడింది, వన్ టెయిల్ చేస్తే పడిపోయింది. టైప్ టూ ఎర్రర్ నాకు 0.95 వచ్చింది, జవాబుల పేజీలో 0.29 ఉంది. ఇంటర్నల్స్‌లో 'మ్యూ ఈ ఇంటర్వెల్‌లో ఉండే సంభావ్యత 95 శాతం' అని రాస్తే మార్కు తీసేశారు. ఎక్కడ తప్పుతున్నానో చెప్పండి."
— ఒక విద్యార్థిని, మద్దిలపాలెం, విశాఖపట్నం

అమ్మా, నీకు వచ్చిన ఆ 0.95 దగ్గరే మొదలుపెడదాం. అది ఎలా వచ్చిందో తెలిస్తే మిగతా రెండు చిక్కులూ వాటంతటవే విడిపోతాయి. నువ్వు లెక్కలో ఎక్కడా తప్పలేదు. గంట ఆకారంలో ఉండే నార్మల్ కర్వ్‌ను 800 దగ్గర నిలబెట్టి, మధ్యలో ఉన్న వైశాల్యం కొలిచావు. 5 శాతం స్థాయి పెట్టుకుంటే ఆ మధ్య వైశాల్యం ఎప్పుడూ 0.95 అవుతుంది. లెక్కలో 750 అన్న అంకె ఇచ్చినా, ఇవ్వకపోయినా నీకు అదే జవాబు వచ్చేది. తప్పు పట్టుకోవడానికి గుర్తు కూడా ఇదే: నిజమైన సగటు ఎంతో ప్రశ్నలో ఇచ్చి, నీ లెక్కలో ఆ అంకె ఎక్కడా వాడకుండానే జవాబు వచ్చేస్తే, నువ్వు కొలిచింది టైప్ టూ ఎర్రర్ సంభావ్యతను, అంటే బీటాను కాదు, ఆల్ఫా అనే ఆ 5 శాతాన్ని ఒకటిలోంచి తీసేస్తే మిగిలే 1 − α ను.

చాలామంది పిల్లలు ఆల్ఫా, బీటా రెండూ కలిపితే ఒకటి అవుతుందని అనుకుంటారు. అది నిజం కాదు. ఆ రెండూ వేర్వేరు లోకాల్లో కొలిచినవి. ఆల్ఫాను కొలిచే లోకంలో ప్రకటన నిజం, డ్రైవర్లకు నిజంగానే సగటున 800 వస్తోంది. బీటాను కొలిచే లోకంలో ప్రకటన అబద్ధం, వాళ్లకు వస్తున్నది 750. ఒక లోకంలోని వైశాల్యాన్ని ఇంకో లోకంలోని వైశాల్యంతో కలపడానికి వీల్లేదు.

దీన్ని చెప్పడం కంటే చేతితో చేస్తే తొందరగా ఎక్కుతుంది. ఒక గ్రాఫ్ షీటు అడ్డంగా పెట్టుకో. కింద గీత మీద 680 నుంచి 900 వరకు రాయి, ఒక్కో సెంటీమీటరుకు పది రూపాయలు. ఇప్పుడు ట్రేసింగ్ పేపరు ముక్క తీసుకుని దాని మీద గంట గియ్యి. నీ లెక్కలో స్టాండర్డ్ ఎర్రర్ ఎంత? 120 ని 36 వర్గమూలంతో, అంటే 6 తో భాగిస్తే 20 రూపాయలు. అంటే గ్రాఫ్ మీద 2 సెంటీమీటర్లు. గంట నడుమ ఎత్తు 4 సెంటీమీటర్లు పెట్టుకుంటే, నడుమ నుంచి 2 సెంటీమీటర్లు పక్కకు జరిగేసరికి ఎత్తు 2.4 కి దిగుతుంది, 4 సెంటీమీటర్ల దగ్గర సుమారు అర సెంటీమీటరు, 6 దగ్గరకు వచ్చేసరికి దాదాపు నేలకు ఆనుతుంది. రెండు పక్కలా ఆ చుక్కలు పెట్టి నున్నగా కలుపు. నడుమ ఒక నిలువు గీత గియ్యి. అంతే, నీ పనిముట్టు తయారు.

ముందు ఆ గంట నడుమ గీతను 800 మీద పెట్టు. ఇది ప్రకటన నిజమైన లోకం. ఇక్కడ 36 మందిని ఎన్నిసార్లు అడిగినా వచ్చే సగటులు 800 చుట్టూ ఈ గంట ఆకారంలో పరుచుకుంటాయి. రెండు చివర్లలో రెండున్నర శాతం చొప్పున వదిలేస్తే హద్దులు 800 − 1.96 × 20, 800 + 1.96 × 20 దగ్గర పడతాయి. అంటే 760.8, 839.2. ఈ రెండు హద్దులనూ ట్రేసింగ్ పేపరు మీద కాదు, కింద ఉన్న గ్రాఫ్ షీటు మీద ఎర్ర పెన్నుతో గియ్యాలి. కిటుకంతా ఇక్కడే ఉంది. హద్దులు ఒకసారి గీశాక కదలవు. గంట మాత్రం కదులుతుంది.

నీకు వచ్చిన సగటు 765. అది రెండు ఎర్ర గీతల లోపలే ఉంది. కాబట్టి టూ టెయిల్ పరీక్షలో సగటు 800 అన్న శూన్య పరికల్పనను, అంటే నల్ హైపోథెసిస్‌ను తోసిపుచ్చలేం. జెడ్ విలువ తీస్తే (765 − 800)/20 = −1.75, అది −1.96 దాకా పోలేదు. రెండు పద్ధతులూ ఒకే మాట చెబుతున్నాయి.

ఇప్పుడు ట్రేసింగ్ పేపరును మెల్లగా ఎడమకు జరిపి నడుమ గీతను 750 మీద ఆపు. లోకం మారింది. డ్రైవర్లకు నిజంగా వస్తున్నది 750, కానీ మనకు ఆ సంగతి తెలియదు, మన ఎర్ర గీతలు పాతచోటే ఉన్నాయి. ఈ లోకంలో వచ్చే సగటు 760.8 కి, 839.2 కి మధ్య పడితే "800 ను కాదనడానికి ఆధారం లేదు" అనేసి వెళ్లిపోతాం. అలా పొరబడే అవకాశమే బీటా. కాగితం మీద చూడు, గంటలో ఎక్కువ భాగం ఎడమ ఎర్ర గీతకు అవతలికి జారిపోయింది, కుడివైపు కొంత ముక్క మాత్రమే లోపల మిగిలింది. టేబుల్ తెరవకముందే "సగం కంటే బాగా తక్కువ" అని కన్ను చెబుతుంది. 0.95 రావడం అసాధ్యమని కూడా చెబుతుంది.

లెక్క ఇలా సాగుతుంది. ఎడమ హద్దును కొత్త నడుమ నుంచి కొలవాలి: (760.8 − 750)/20 = 0.54. కుడి హద్దు (839.2 − 750)/20 = 4.46, అంత దూరంలో ఇక మిగిలేదేమీ లేదు, దాన్ని వదిలేయొచ్చు. 0.54 కి కుడివైపున ఉన్న వైశాల్యం కావాలి. పరీక్షలో ఇచ్చే జెడ్ టేబుల్ చాలాసార్లు సున్నా నుంచి మొదలవుతుంది. అందులో 0.54 కి ఎదురుగా 0.2054 ఉంటుంది. సగంలోంచి తీసేస్తే 0.5 − 0.2054 = 0.2946. జవాబుల పేజీలోని 0.29 అదే. టేబుల్‌లో ఎదురుగా 0.7054 కనిపిస్తే అది ఎడమ చివర నుంచి కూడుకుంటూ వచ్చిన టేబుల్, అప్పుడు ఒకటిలోంచి తీసేయాలి. టేబుల్ చేతికి రాగానే సున్నా విలువకు ఎదురుగా ఏముందో ముందు చూసుకో. 0.0000 ఉంటే మొదటి రకం, 0.5000 ఉంటే రెండో రకం.

ఇక ఆ రెండు ఎర్రర్ల పేర్లు తారుమారు కాకుండా ఉండాలంటే పేర్లను కాదు, పనులను గుర్తుపెట్టుకో. ఒకటో రకం అంటే లేని తేడాను ఉందనడం. రెండో రకం అంటే ఉన్న తేడాను లేదనడం. నీ లెక్కలో ఒకటో రకం: డ్రైవర్లకు నిజంగా 800 వస్తున్నా, మనం రావట్లేదని తేల్చేయడం. రెండో రకం: వాళ్లకు 750 మాత్రమే వస్తున్నా, 800 అన్న ప్రకటనను అలాగే సాగనివ్వడం. పేపరు దిద్దేవాళ్లు అడిగేది ఇదే. "శూన్య పరికల్పన సత్యమైనప్పుడు దానిని తిరస్కరించుట" అని నిర్వచనం ఒక్కటే రాసి ఆపితే సగం మార్కులు వస్తాయి. దాని కింద "ఈ లెక్కలో అంటే" అని మొదలుపెట్టి డ్రైవర్ల మాటగా ఒక వాక్యం రాస్తే మిగతా సగం.

ట్రేసింగ్ పేపరు చేతిలో ఉండగానే ఇంకో రెండు ప్రశ్నలు తీర్చేసుకో, పరీక్షల్లో ఇవి మాటల రూపంలో తరచూ వస్తాయి. మొదటిది: "ఆల్ఫా తగ్గిస్తే బీటా ఏమవుతుంది?" 5 శాతం బదులు 1 శాతం పెట్టుకుంటే ఎర్ర గీతలు దూరంగా జరుగుతాయి, 800 కి 51.5 రూపాయలు అటూ ఇటూ, అంటే దాదాపు 748.5 నుంచి 851.5 దాకా. గంటను మళ్లీ 750 మీద పెట్టి చూడు. ఇప్పుడు ఎడమ గీత గంట నడుమకు ఇంచుమించు ఆనుకుని ఉంది, గంటలో సగానికి పైగా లోపలే ఉండిపోయింది. లెక్క వేస్తే బీటా 0.53 వస్తుంది. లేని తేడాను ఉందనకూడదని మరీ జాగ్రత్తపడితే, ఉన్న తేడాను చూడలేకపోవడం 0.29 నుంచి 0.53 కి పెరిగింది. ఒకటి తగ్గితే ఇంకోటి పెరగడం నిజమేగానీ, రెండూ కలిపి ఒకటి కాదని ఈ అంకెలే చూపిస్తున్నాయి. ముందు 0.05, 0.29. తర్వాత 0.01, 0.53.

రెండోది: "రెండు ఎర్రర్లనూ ఒకేసారి తగ్గించడం ఎలా?" జవాబు శాంపిల్ పెంచడం. ఎందుకో మాటల్లో బట్టీపట్టకు. 36 బదులు 144 మందిని అడిగితే స్టాండర్డ్ ఎర్రర్ 20 నుంచి 10 కి పడిపోతుంది. అంటే గంటే సన్నబడింది. 5 శాతానికే హద్దులు 780.4, 819.6 దగ్గరకు వచ్చేస్తాయి. సన్నని గంటను 750 మీద పెడితే దాదాపు మొత్తం హద్దుకు అవతలే ఉంటుంది, బీటా వెయ్యికి ఒకటి దగ్గరకు దిగిపోతుంది. కానీ నిజమైన సగటు 780 అయి ఉంటే? అప్పుడు 144 మందిని అడిగినా బీటా 0.48, అంటే నాణెం ఎగరేసినంతే. 36 మందితో అయితే 0.83. చిన్న తేడాను పట్టుకోవడం ఎంత కష్టమో చూడు. అందుకే బీటా ఎంత అని ఊరికే అడగరు, నిజమైన సగటు ఫలానా అయితే ఎంత అని అడుగుతారు. ఆ "ఫలానా" లేకుండా బీటాకు ఒక విలువంటూ లేదు. 1 − β నే పవర్ అంటారు. నీ లెక్కలో 750 దగ్గర పవర్ 0.71, 780 దగ్గర 0.17.

ఈ ఆలోచనను 1933 లో జెర్జీ నేమన్, ఈగన్ పియర్సన్ కలిసి ఒక పద్ధతిగా నిలబెట్టారు. ముందు ఒకటో రకం పొరపాటుకు ఒక పరిమితి పెట్టుకో, ఆ పరిమితి లోపల రెండో రకం పొరపాటు అన్నిటికంటే తక్కువగా ఉండే పరీక్షను ఎంచుకో. పరీక్షలో మనం ఆల్ఫాను ముందే రాసి, బీటాను తర్వాత లెక్కవేసే వరుస అక్కడి నుంచి వచ్చిందే. (మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావుగారు 1948 లో ఇచ్చిన స్కోర్ టెస్ట్ కూడా ఈ దారిలోదే. వచ్చే సంవత్సరం ఎకనామెట్రిక్స్‌లో అది నీకు లాగ్రాంజ్ మల్టిప్లయర్ టెస్ట్ అన్న పేరుతో ఎదురవుతుంది. అది విశాఖలో చదువుకున్న మనిషి చేతిది అని తెలిసి చదవాలని నా ఆశ.)

ఇక నీ రెండో చిక్కు, వన్ టెయిల్‌దీ టూ టెయిల్‌దీ. వన్ టెయిల్ చేసినప్పుడు 5 శాతం మొత్తాన్నీ ఎడమ చివరనే పెట్టావు. హద్దు 800 − 1.645 × 20, అంటే 767.1 కి జరిగింది. నీ సగటు 765 ఆ గీత దాటిపోయింది, అందుకే నల్ హైపోథెసిస్ పడిపోయింది. రెండు లెక్కలూ సరైనవే. అడిగిన ప్రశ్నకు ఏది జవాబు అన్నదే తేలాలి. ఆ ఎంపిక 765 అన్న అంకె చూడకముందే జరగాలి. ప్రశ్నలో "ప్రకటనను పరీక్షించండి" అని మాత్రమే ఉంది, ఎటువైపన్న సూచన లేదు. కాబట్టి టూ టెయిల్. "ఆదాయం అంత లేదని డ్రైవర్ల సంఘం అంటోంది, పరీక్షించండి" అని ఉంటే ఎడమ వన్ టెయిల్. అలాంటి ప్రశ్నల్లో "తగ్గిందా", "పెరిగిందా", "మించిందా" అన్న మాటల కింద గీత గీసుకో. "తేడా ఉందా", "సమానమా", "నిజమేనా" అన్నవి రెండు వైపులవి. జవాబుల పేజీ 0.29 అంటోందంటే ఆ లెక్క రాసినవాళ్లు కూడా టూ టెయిలే అనుకున్నారు. వన్ టెయిల్ అయితే 750 దగ్గర బీటా 0.20 కి దగ్గరగా వచ్చేది, కావాలంటే గంట జరిపి చూసుకో.

"765 అనేది 800 కంటే తక్కువే కదా, ఎడమవైపు చేస్తే తప్పేంటి?" అని నాకు ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. తప్పు ఇక్కడ ఉంది. సగటు 800 కంటే తక్కువ వచ్చింది కాబట్టి నువ్వు ఎడమకు వెళ్లావు. 835 వచ్చి ఉంటే కుడికి వెళ్లేదానివి. అంటే నీ మనసులో ఎడమవైపు 5 శాతం, కుడివైపు 5 శాతం రెండూ సిద్ధంగా ఉన్నాయి. ప్రకటన నిజమైన లోకంలో నువ్వు పొరబడే అవకాశం 10 శాతం అయింది, కానీ పేపరు మీద 5 శాతం అని రాశావు. పి వాల్యూ దగ్గర కూడా ఇదే జరుగుతుంది: నీ లెక్కకు వన్ టెయిల్ పి వాల్యూ 0.04, టూ టెయిల్ 0.08. 0.05 దాటకుండా ఉండేదాన్ని అంకె చూశాక ఏరుకుంటే పరీక్షకు అర్థమే పోతుంది.

మూడోది నీకు మార్కు పోయిన చోటు. ఇక్కడ మళ్లీ ట్రేసింగ్ పేపరు తియ్యి, కానీ ఈసారి గంటను కాదు, వెడల్పును వాడదాం. 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, మన పుస్తకాల్లో విశ్వాస అంతరం, నీ లెక్కకు 765 ± 39.2, అంటే 725.8 నుంచి 804.2. ఆ 39.2 ఇంతకుముందు ఎర్ర గీతలకు వాడిన వెడల్పే. అప్పుడు దాన్ని ప్రకటనలోని 800 కి అటూ ఇటూ పెట్టి, 765 లోపల పడిందా అని చూశాం. ఇప్పుడు దాన్నే 765 కి అటూ ఇటూ పెట్టి, 800 లోపల పడిందా అని చూస్తున్నాం. 765 నుంచి 800 దూరం 35. అది 39.2 కంటే తక్కువ. ఇటు నుంచి కొలిచినా, అటు నుంచి కొలిచినా దూరం దూరమే కదా. అందుకే 5 శాతం టూ టెయిల్ పరీక్ష, 95 శాతం ఇంటర్వెల్ ఎప్పుడూ ఒకే తీర్పు చెబుతాయి. పరీక్షలో ఒకదాంతో ఇంకోదాన్ని సరిచూసుకో. వన్ టెయిల్‌కు మాత్రం ఈ రెండు వైపుల ఇంటర్వెల్ సరిపోదు, దానికి 765 + 32.9 = 797.9 అన్న ఒకవైపు హద్దు తీయాలి. 800 దానికి పైన ఉంది, వన్ టెయిల్‌లో పడిపోయిందీ అందుకే.

మరి "95 శాతం సంభావ్యత" అనడం ఎందుకు తప్పు? నీ క్లాసులో ముగ్గురు విడివిడిగా వెళ్లి తలా 36 మంది డ్రైవర్లను అడిగారనుకో. నీకు 765 వచ్చింది, ఇంటర్వెల్ 725.8 నుంచి 804.2. ఇంకొకరికి 812 వచ్చింది, ఆమెది 772.8 నుంచి 851.2. మూడో అబ్బాయికి 738, అతనిది 698.8 నుంచి 777.2. నిజమైన సగటు, అంటే మ్యూ, 780 అనుకుందాం. అది నీ ఇంటర్వెల్‌లో ఉంది, ఆమెదాంట్లో ఉంది, అతనిదాంట్లో లేదు. ఇప్పుడు ఆ అబ్బాయి ఇంటర్వెల్‌ను చూసి "మ్యూ ఇందులో ఉండే సంభావ్యత 95 శాతం" అనగలమా? 780 అందులో లేదు, అంతే. నీదాంట్లో ఉంది, అంతే. మ్యూ ఒక్కచోటే ఉంది, అది కదలదు. మనిషి మనిషికీ మారుతున్నది ఇంటర్వెల్. ఇలా వందలమంది తీస్తూ పోతే వాటిలో 95 శాతం ఇంటర్వెల్స్ మ్యూను పట్టుకుంటాయి. ఆ 95 శాతం ఇంటర్వెల్ తీసే పద్ధతిది, నీ చేతిలో ఉన్న ఒక్క జత అంకెలది కాదు. కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ సిద్ధాంతాన్ని 1937 వ్యాసంలో వివరంగా రాసిన నేమన్ కూడా ఇదే పట్టుపట్టి చెప్పారు: అంకెలు వచ్చేశాక సంభావ్యత గురించి మాట్లాడకూడదని.

కాబట్టి జవాబులో ఇలా రాయి: "ఇదే పద్ధతిలో పదే పదే శాంపిల్స్ తీసి ఇంటర్వెల్స్ లెక్కిస్తే, వాటిలో 95 శాతం జనాభా సగటును కలిగి ఉంటాయి. మన శాంపిల్ నుంచి వచ్చిన ఇంటర్వెల్ 725.8 నుంచి 804.2." ఒక్క వాక్యం ఎక్కువైనా ఫరవాలేదు, ఆ మార్కు ఇక పోదు.

ఈ ఇంటర్వెల్‌ను ఇంకొంచెం చూస్తే ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. అందులో 800 ఉంది, నిజమే. కానీ 750 కూడా ఉంది. 740 కూడా ఉంది. ఎవరైనా "సగటు 740" అని ప్రకటించి ఉంటే, ఇదే డేటాతో దాన్నీ తోసిపుచ్చలేకపోయేవాళ్లం. ఒకే డేటా 740 నూ, 800 నూ రెండింటినీ రుజువు చేయలేదు కదా. అందుకే "నల్ హైపోథెసిస్‌ను అంగీకరించాం, సగటు 800 అని తేలింది" అని రాయకూడదు. "5 శాతం స్థాయిలో శూన్య పరికల్పనను తిరస్కరించడానికి తగిన ఆధారం లేదు" అని రాయాలి. 750 దగ్గర బీటా 0.29 అని నువ్వే లెక్కవేశాక ఈ మాటకు బలం వస్తుంది: డ్రైవర్లకు 750 మాత్రమే వస్తున్నా మన పరీక్ష పదింట మూడుసార్లు దాన్ని చూడలేకపోతుంది.

సిగ్మా ప్రశ్నలో ఇవ్వకుండా శాంపిల్ ఎస్ 120 అని ఇస్తే, 35 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌కు టి టేబుల్ వాడు. 1.96 బదులు 2.03 వస్తుంది, వెడల్పు 39.2 నుంచి 40.6 అవుతుంది. తీర్పు మారదు. మిగతా దారంతా ఇదే.

ఒక్క విషయం మాత్రం ఏ గంటా సరిదిద్దలేదు. ఆ 36 మందినీ ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఒకే స్టాండులో, ఒకే సాయంత్రం అడిగి ఉంటే? బస్సులు దిగేచోట గిరాకీ వేరు, గాజువాకలో వేరు, కొమ్మాదిలో వేరు. 120 ని 6 తో భాగించడం చెల్లాలంటే ఒకరి ఆదాయానికి ఇంకొకరి ఆదాయంతో సంబంధం ఉండకూడదు, నగరంలోని ప్రతి డ్రైవర్‌కూ ఎంపికయ్యే అవకాశం సమానంగా ఉండాలి. లేకపోతే గంట అసలు నిలబడాల్సిన చోటే మారిపోతుంది. అప్పుడు శాంపిల్ 144 చేసినా, 1000 చేసినా సన్నని గంట తప్పుడుచోట నిలబడుతుంది. "పరీక్ష పరిమితులు రాయండి" అని అడిగితే మొదట రాయాల్సింది ఇదే.

ఇప్పుడు అదే గ్రాఫ్ షీటు మీద ఈ లెక్క చెయ్యి. 64 మందిని అడిగారు, సిగ్మా 120, ప్రకటన 800, స్థాయి 5 శాతం, టూ టెయిల్. నిజమైన సగటు 770 అయితే బీటా ఎంత? స్టాండర్డ్ ఎర్రర్ 15 కాబట్టి ట్రేసింగ్ పేపరు మీద కొత్త గంట గీసుకోవాలి, ఒక స్టాండర్డ్ ఎర్రర్ దూరం ఈసారి ఒకటిన్నర సెంటీమీటరు. ఎర్ర గీతలు గీసి, గంటను 770 మీద పెట్టి, టేబుల్ తెరవకముందు ఆ లోపలి ముక్క ఎంతుందో కంటితో చూసి పక్కన రాసుకో. ఎడమ గీత గంటను ఎక్కడ కోస్తోందో చూస్తే జవాబు సగానికి కాస్త తక్కువని కాగితమే చెబుతుంది. తర్వాత టేబుల్‌తో సరిచూడు, 0.48 రావాలి.